తెర మీది నీటికి మూడు లోతులు

వీడియో గేముల్లో నీటిని గీసే షేడర్లు చాలావరకు ఒకే సంఖ్య మీద నడుస్తాయి. నీటి ఉపరితలం కెమెరాకు ఎంత దూరంలో ఉందో ఒక కొలత. ఆ నీటి వెనక కనిపించే నేల ఎంత దూరంలో ఉందో మరో కొలత. రెండోదానిలోంచి మొదటిది తీసేస్తే వచ్చేదాన్ని ‘లోతు’ అంటారు. నీటి రంగు ముదరడానికీ, ఒడ్డు వెంట నురగ గీత పడడానికీ, అడుగున ఉన్న రాయి అలల వెనక వంకర్లు పోవడానికీ అదే ఆధారం. ఒకే కొలతతో ఇన్ని పనులు జరగడం చవక, సులువు. అందుకే ఈ పద్ధతి ఇంతగా పాతుకుపోయింది.

కానీ ఈ పనులకు కావలసిన కొలత నిజంగా ఒకటేనా? లెక్క వేసి చూస్తే కాదనే తేలుతోంది. రంగు శోషణకు కావలసింది కాంతి నీటిలో నడిచిన దారి పొడవు. నురగకు కావలసింది ఒడ్డు నుంచి దూరం, కనీసం నిట్టనిలువు లోతు. డెప్త్ బఫర్ ఇచ్చేది ఈ రెండూ కాని మూడోది, కెమెరా ముందు దిశలో కొలిచిన తేడా. కెమెరా నేరుగా కిందికి చూస్తున్నప్పుడు, చదునైన అడుగు మీద, తెర నడిమధ్యలో చూపు దారి, నిలువు లోతు, ఈ తేడా కలిసిపోతాయి. చూపు వాలేకొద్దీ విడిపోతాయి. ఎంత విడిపోతాయి, ఆ తేడా కంటికి ఆనుతుందా, దాన్ని దిద్దడానికి ఎంత ఖర్చవుతుంది అన్నవే ఇక్కడి ప్రశ్నలు. ఇక్కడి ఆధారాలు ప్రచురితమైన భౌతిక కొలతలు, వాటి మీద చేత్తో వేసిన లెక్కలు, ఎవరైనా తమ యంత్రం మీద చేసి చూసుకోగల పరీక్షలు. వాటికి మించి చెప్పడం లేదు.

నీరు రంగును ఎలా తింటుంది

కాంతి ఒక పదార్థంలో కొంత దూరం నడిస్తే ఎంత మిగులుతుందో చెప్పే నియమానికి బూగే 1729లో పునాది వేశాడు. లాంబర్ట్ 1760లో దానికి గణిత రూపమిచ్చాడు, బీర్ 1852లో ద్రావణాలకు విస్తరించాడు. షేడర్‌లో అది ఒక్క వరుస:

```
T = exp(-a * d)
```

ఇక్కడ `a` శోషణ గుణకం, మీటరుకు ఇంత అని. `d` దారి పొడవు, మీటర్లలో. స్వచ్ఛమైన నీటికి ఈ గుణకాలను పోప్, ఫ్రై అనే శాస్త్రవేత్తలు 1997లో జాగ్రత్తగా కొలిచి ప్రచురించారు. వారి పట్టిక ప్రకారం 650 నానోమీటర్ల ఎరుపు దగ్గర గుణకం సుమారు 0.34. 550 దగ్గర ఆకుపచ్చకు 0.0565. 450 దగ్గర నీలానికి 0.0092. అంటే ఎరుపును నీరు నీలం కన్నా ముప్పై ఆరు రెట్లకు పైగా వేగంగా తినేస్తుంది.

ఈ అంకెలు నమ్మదగినవేనా అని చూడడానికి ఒక ఉదాహరణ తీసుకుందాం. తెల్లటి అడుగున్న ఈతకొలను, రెండు మీటర్ల లోతు, సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, మనం పైనుంచి నేరుగా కిందికి చూస్తున్నాం. కాంతి రెండు మీటర్లు దిగి, అడుగును తాకి, మళ్లీ రెండు మీటర్లు పైకి వస్తుంది. మొత్తం నాలుగు మీటర్లు. ఎరుపులో 0.26 వంతు, ఆకుపచ్చలో 0.80, నీలంలో 0.96 మిగులుతాయి. తెర మీద చూపించే ఎస్‌ఆర్‌జీబీ విలువలకు మారిస్తే (139, 231, 251) అవుతుంది. ఏదైనా పెయింట్ ప్రోగ్రాంలో ఈ మూడు అంకెలూ వేసి చూడండి. తెల్లటి టైల్స్ వేసిన కొలనుకు ఉండే ఆ లేత ఆకాశపు రంగే వస్తుంది. ఎక్కడా చేత్తో రంగు ఎంచలేదు. నీలి టైల్స్ అక్కరలేకుండానే కొలను నీలంగా ఎందుకుంటుందో కూడా ఈ లెక్కే చెబుతోంది.

ఒక హెచ్చరిక అవసరం. మూడు తరంగదైర్ఘ్యాలను మూడు రంగులకు ప్రతినిధులుగా నిలబెట్టడం సర్దుబాటు మాత్రమే. తెర మీది ఎరుపు ఒక్క తరంగదైర్ఘ్యం కాదు, ఒక పట్టీ. ఆ పట్టీలో ఎక్కువ శోషణ ఉన్న భాగం ముందే పోతుంది, తక్కువ ఉన్నది మిగిలి నిదానంగా తగ్గుతుంది. కాబట్టి లోతు పెరిగేకొద్దీ ఒకే గుణకం ఎరుపును కాస్త తొందరగా చంపేస్తుంది. కొలను లోతుల్లో ఈ తేడాను పట్టించుకోనక్కరలేదనే నా అంచనా. ఇరవై మీటర్ల సముద్రానికి మాత్రం ఆ మాట అనలేను.

వాలు చూపులో ఏమవుతుంది

ఇప్పుడు అదే కొలనును ఒడ్డున నిలబడి చూద్దాం. చూపు నిలువు గీతకు 80 డిగ్రీల కోణంలో ఉంది, అంటే దాదాపు నీటి మట్టానికి ఆనుకుని పోతోంది. డెప్త్ బఫర్ దృష్టిలో చూపు కిరణం నీటిని తాకినా వంగదు, అదే దిశలో సూటిగా అడుగు దాకా వెళ్తుంది. రెండు మీటర్ల లోతును ఆ వాలులో దాటాలంటే నీటి లోపల 11.5 మీటర్లు నడవాలి. సూర్యకాంతి దిగిన రెండు మీటర్లూ కలిపితే 13.5. ఆ పొడవుకు వచ్చే రంగు (26, 182, 241). ఎరుపు దాదాపు ఆరిపోయింది. లేత ఆకాశపు రంగు కాస్తా చిక్కటి నీలంగా మారింది.

అసలు నీటిలో అలా జరగదు. నీటి వక్రీభవన గుణకం సుమారు 1.333. స్నెల్ నియమం ప్రకారం గాలిలో 80 డిగ్రీల్లో వచ్చిన కిరణం నీటిలోకి దిగగానే 47.6 డిగ్రీలకు వంగుతుంది. దాని దారి 11.5 మీటర్లు కాదు, 2.97 మాత్రమే. మొత్తం 4.97 మీటర్లకు రంగు (119, 225, 250). నేరుగా కిందికి చూసినప్పటి (139, 231, 251)కి ఇది ఎంత దగ్గరగా ఉందో గమనించండి.

ఇందులో అసలు విషయం ఒక హద్దు. గాలి నుంచి నీటిలోకి వచ్చే కిరణం ఎంత వాలుగా వచ్చినా నీటి లోపల 48.6 డిగ్రీలకు మించి వాలదు. కాబట్టి చదునైన నీటిలో చూపు నడిచే దారి నిలువు లోతుకు 1.51 రెట్లకు మించడం సాధ్యం కాదు. వంగని కిరణానికి ఆ హద్దు లేదు, చూపు మట్టానికి ఆనేకొద్దీ దారి అనంతానికి పోతుంది. దూరంగా ఉన్న నీళ్లన్నీ ఒకే ముదురు రంగు గోడలా కనిపించే గేములకు ఇదొక కారణం కావచ్చు. పొగమంచు, పరావర్తనం కూడా అలాంటి ప్రభావమే చూపుతాయి కాబట్టి ప్రతి చోటా కారణం ఇదేనని చెప్పడం సరికాదు.

పరావర్తనాన్ని లెక్కలోకి తీసుకోకపోతే ఈ వాదన సగమే అవుతుంది. వాలు చూపులో నీరు ఆకాశాన్ని ఎక్కువగా చూపిస్తుంది, అడుగును తక్కువగా. ఫ్రెనెల్ సమీకరణాల ప్రకారం నేరుగా చూస్తే రెండు శాతం కాంతే తిరిగి వస్తుంది. 60 డిగ్రీల దగ్గర ఆరు శాతం, 75 దగ్గర 21, 80 దగ్గర 35 శాతం. గేముల్లో ఎక్కువగా వాడే 1994 నాటి ష్లిక్ సూత్రం 80 డిగ్రీల దగ్గర 40 శాతం ఇస్తుంది, అది కొంచెం ఎక్కువే. అంటే తప్పు బాగా పెరిగే చోట ఆకాశపు ప్రతిబింబం దాన్ని కొంత కప్పేస్తుంది. ఈ పద్ధతి ఇన్నాళ్లు అభ్యంతరం లేకుండా చెల్లుబాటు కావడానికి అది సాయపడి ఉండాలి. అయితే 60 నుంచి 75 డిగ్రీల మధ్య ఆ కప్పు పలచన. అక్కడ దారి పొడవు 1.5 నుంచి 2.7 రెట్లు ఎక్కువగా లెక్కకు వస్తోంది. ఒడ్డున నిలబడిన మనిషి కళ్లకు తన దగ్గరలోని నీళ్లలో చాలా భాగం కనిపించేది ఆ కోణాల్లోనే.

దిద్దుబాటు, దాని హద్దు

దిద్దడానికి పెద్ద యంత్రాంగం అక్కరలేదు. డెప్త్ బఫర్ నుంచి అడుగు బిందువు ప్రపంచ స్థానాన్ని తిరిగి కట్టుకోవాలి. యూనిటీలో దానికి `ComputeWorldSpacePosition` ఉంది. దాని ఎత్తును నీటి మట్టంలోంచి తీసేస్తే నిలువు లోతు వస్తుంది. తర్వాత వంగిన కిరణపు కొసైన్‌తో భాగించాలి:

```hlsl
float D    = max(surfPos.y - floorPos.y, 0.0);
float ci   = abs(viewDir.y);
float ct   = sqrt(1.0 - (1.0 - ci*ci) / (1.333*1.333));
float path = D / ct;
float3 T   = exp(-absorb * (path + D / ctSun));
```

`ctSun` అంటే సూర్యకిరణం నీటిలో వంగాక దాని కొసైన్. అది తెరంతటికీ ఒకటే కాబట్టి ఒక్కసారి లెక్కించి పంపితే చాలు. `viewDir` పొడవు 1కి సరిచేసి ఉండాలి. అలల నార్మల్‌ను ఇక్కడ వాడకపోవడమే మేలని నా అభిప్రాయం. చిన్న అలల నార్మల్ పిక్సెల్ పిక్సెల్‌కూ మారుతుంది, దాంతో శోషణ కూడా మినుకుమినుకుమంటుంది. అలల వణుకు వక్రీభవనంలో కనిపిస్తే సరిపోతుంది.

ఈ దిద్దుబాటు చదునైన అడుగుకు కచ్చితం. వాలు నేలకు కాదు, ఎందుకంటే వంగని కిరణం తాకే చోటు వేరు, వంగిన కిరణం తాకే చోటు వేరు. ప్రతి ఇరవై మీటర్లకు ఒక మీటరు దిగే సముద్రపు ఒడ్డును తీసుకుందాం. మనం ఒడ్డు నుంచి సముద్రం వైపు 80 డిగ్రీల్లో చూస్తున్నాం. చూపు నీటిని తాకిన చోట లోతు రెండు మీటర్లు. వంగని కిరణం దాదాపు పదహారు మీటర్ల అవతల, 2.8 మీటర్ల లోతులో నేలను తాకుతుంది. వంగిన కిరణం 2.3 మీటర్ల అవతలే, 2.1 మీటర్ల లోతులో తాకుతుంది. పాత పద్ధతిలో చూపు దారి పదహారు మీటర్లు, దిద్దిన పద్ధతిలో 4.1, నిజం 3.1. ఐదు రెట్ల తప్పు మూడో వంతుకు దిగింది. పూర్తిగా పోలేదు. పోవాలంటే వంగిన కిరణం వెంట డెప్త్ బఫర్‌లో అడుగడుగునా వెతకాలి. ఒక మొబైల్ గేముకు ఆ ఖర్చు దండగ అనిపించవచ్చు.

దీనికన్నా ముందే సరిచూసుకోవలసిన తప్పు మరొకటి ఉంది. డెప్త్ బఫర్‌లో ఉండేది కెమెరా నుంచి దూరం కాదు, కెమెరా చూసే దిశలో దూరం మాత్రమే. నిలువు వీక్షణ కోణం 60 డిగ్రీలు, తెర 16:9 అయితే, తెర మూలలో అసలు దారి ఈ తేడాకు 1.54 రెట్లు ఉంటుంది. దీన్ని పట్టుకోవడం తేలిక. కెమెరాను ఒకే చోట ఉంచి, ప్రతిబింబం ఆపేసి, అడుగున ఉన్న ఒక తెల్ల రాయి మీద కన్ను వేసి కెమెరాను పక్కకు తిప్పండి. రాయి తెర మధ్య నుంచి అంచుకు జరుగుతుంది. అది జరుగుతూ ఉండగా రంగు లేతబడితే షేడర్ దిశాదూరాన్ని దారిపొడవుగా వాడుతోందన్నమాట. కెమెరా కదలలేదు, రాయి కదలలేదు, సూర్యుడు కదలలేదు. రంగు మారడానికి భౌతిక కారణమేదీ లేదు. పైన చెప్పిన నిలువు లోతు పద్ధతిలో ఈ తప్పు దానంతటదే తొలగిపోతుంది.

వక్రీభవనం అనే వణుకు

గేముల్లో వక్రీభవనం అని పిలిచేది నిజానికి సగం పనే చేస్తుంది. నీటి వెనక దృశ్యాన్ని ముందే ఒక చిత్రంగా పట్టుకుని, అలల నార్మల్ ప్రకారం ఆ చిత్రాన్ని కొంచెం పక్కకు జరిపి చదువుతారు. నీరు నిశ్చలంగా ఉంటే జరుగుడు సున్నా. అప్పుడు అడుగు ఉన్నచోటే కనిపిస్తుంది. అసలు నీటిలో నిశ్చలంగా ఉన్నప్పుడే వక్రీభవనం బాగా తెలుస్తుంది. నేరుగా చూస్తే రెండు మీటర్ల కొలను మీటరున్నర లోతే ఉన్నట్టు అనిపిస్తుంది, వాలుగా చూస్తే ఇంకా తక్కువ. తెర పద్ధతిలో ఈ పైకి తేలిన భ్రమ ఉండదు, వణుకు మాత్రమే ఉంటుంది. చాలా ఆటలకు ఆ వణుకు సరిపోతుంది. మెట్లు నీళ్లలోకి దిగే కోనేరును చూపించాలంటే మాత్రం చాలదు. నీటి గీత దగ్గర మెట్టు అంచు విరిగినట్టు కనిపించకపోతే కన్ను ఒప్పుకోదు.

ఈ పద్ధతిలో అందరికీ ఎదురయ్యే లోపం లీకు. నీటి ముందు నిలబడిన మనిషి అంచులు పక్కనున్న నీటిలోకి కారినట్టు కనిపిస్తాయి. జరిపిన చోట చదివిన పిక్సెల్ నీటి వెనకది కాకుండా నీటి ముందున్న మనిషిది కావడమే కారణం. క్రైటెక్‌లో పనిచేసిన టియాగో సౌసా 2005లో వచ్చిన జీపీయూ జెమ్స్ రెండో సంపుటంలో దీనికి ముసుగు పద్ధతిని రాశాడు. చిత్రంలోని ఆల్ఫా చానల్లో నీటిని, నీటి ముందు వస్తువులను గుర్తుపెట్టుకోవడం ఆ పద్ధతి. ఇప్పుడు ఎక్కువమంది డెప్త్‌తోనే తేలుస్తారు. జరిపిన చోట దృశ్యపు దూరం నీటి ఉపరితలం కన్నా తక్కువగా వస్తే జరుపుడు మానేసి మొదటి చోటుకే వస్తారు:

```hlsl
float z = LinearEyeDepth(SampleSceneDepth(uv + off), _ZBufferParams);
float2 uvR = (z < surfZ) ? uv : uv + off;
```

ఇక్కడ చాలా షేడర్లలో ఒక అడుగు తప్పిపోతుంది. రంగును `uvR` దగ్గర చదివి, శోషణ లోతును మాత్రం పాత `uv` దగ్గరే ఉంచేస్తారు. అప్పుడు వంకర్లు పోయే రాయి చుట్టూ వంకర్లు పోని రంగు మచ్చ నిలబడిపోతుంది. రాయి కదులుతుంది, దాని నీడ రంగు కదలదు. లోతును కూడా `uvR` దగ్గర మళ్లీ చదివితే ఆ మచ్చ పోతుంది. ఆ తర్వాత కూడా మనిషి చుట్టూ ఒక పిక్సెల్ మందాన గీత మిగిలితే, దృశ్య చిత్రాన్ని సగం కొలతకు తగ్గించి పట్టుకున్నారేమో చూసుకోవాలి. తగ్గించిన చిత్రంలో మనిషి రంగు, నీటి రంగు అంచు దగ్గర ముందే కలిసిపోయి ఉంటాయి. ఏ డెప్త్ పరీక్షా వాటిని విడదీయలేదు.

నురగ ఎవరి వైపు పడుతోంది

నురగ గీతకు డెప్త్ తేడా వాడినప్పుడు వచ్చే తప్పు కనిపెట్టడానికి నీళ్లలో ఒక నిలువు స్తంభం చాలు. దాని చుట్టూ కెమెరాను తిప్పండి. నురగ ఎప్పుడూ మీ వైపే ఉంటుంది, అవతలి వైపు ఉండదు. అవతలి వైపు నీటి మీద పడిన చూపు స్తంభాన్ని తాకకుండా అడుగుకు పోతుంది, కాబట్టి అక్కడ ‘లోతు’ ఎక్కువ.

నిలువు లోతుకు మారినా ఇది తీరదు. పది సెంటీమీటర్ల లోపు లోతుంటే నురగ అని పెట్టామనుకోండి. 45 డిగ్రీల చూపులో స్తంభం ముందు పది సెంటీమీటర్ల నురగ పడుతుంది. 80 డిగ్రీల్లో అదే 57 సెంటీమీటర్లవుతుంది. నేరుగా పైనుంచి చూస్తే అసలే ఉండదు. ఇరవైకి ఒకటి వాలున్న ఒడ్డు మీద పైనుంచి చూస్తే రెండు మీటర్ల పట్టీ పడుతుంది. ఒకే గేములో ఒకే సెట్టింగు ఇన్ని వెడల్పులు ఇస్తే ఆ సెట్టింగుకు అర్థం లేదు. కాబట్టి నురగకు కావలసింది చూపుతో సంబంధం లేని కొలత, నీటి మీది ఆ బిందువు నుంచి దగ్గరలోని అడ్డంకి దాకా దూరం. అన్‌రియల్‌లో దూర క్షేత్రాలు ఆన్ చేసి ఉంటే మెటీరియల్‌లో `DistanceToNearestSurface` దాన్నే ఇస్తుంది. మిగతా చోట్ల కదలని ఒడ్డులకు పైనుంచి ఒక్కసారి పట్టిన దూరపు పటం చాలు. 256 మీటర్ల చదరపు సరస్సుకు 1024 పిక్సెల్ల పటం వేస్తే పిక్సెల్‌కు 25 సెంటీమీటర్లు, ఎనిమిది బిట్లలో ఒక మెగాబైటు. పడవల్లాంటి కదిలే వస్తువులకు ఈ పటం పనికిరాదు, వాటికి వేరే దారి చూసుకోవాలి.

ఇంత దిద్దినా ఈ గీత ఒక సంప్రదాయమే తప్ప భౌతికం కాదు. అసలు ఒడ్డున నురగ లోతు వల్ల నేరుగా పుట్టదు, అల విరగడం వల్ల పుడుతుంది. మెకావన్ 1894లో ఇచ్చిన లెక్క ప్రకారం అల ఎత్తు లోతులో 0.78 వంతుకు చేరినప్పుడు అల విరుగుతుంది. నిశ్చలమైన కొలను గట్టు వెంట తెల్ల గీత గీసే షేడర్ అందంగా ఉండవచ్చు కానీ అక్కడ నురగ పుట్టడానికి కారణమే లేదు. అల ఎత్తును కూడా నురగ లెక్కలోకి తెస్తే ఈ అబద్ధం చాలావరకు తగ్గుతుంది.

ఈ లెక్కలు ఎక్కడ చెల్లవు

పైన వాడిన గుణకాలు స్వచ్ఛమైన నీటివి. వానాకాలపు గోదావరికి వాటిని వాడితే అంతా తప్పే. ఎర్ర మట్టి కలిసిన వరద నీటిలో నీలమే ముందు పోతుంది, కాంతి శోషణ కన్నా మట్టి రేణువుల మీద పడి చెదరడం ఎక్కువ. అక్కడ అడుగు కనిపించదు కాబట్టి దారి పొడవు గొడవే ఉండదు. ఉపరితలం నుంచి కొద్ది సెంటీమీటర్లలో తిరిగి చెదిరి వచ్చే రంగే నది రంగు. దానికి ఈ ఒక్క `exp` వరుస సరిపోదు, చెదరడానికి వేరే గుణకం కావాలి.

ఇంకో ఇబ్బంది పాత ప్రాజెక్టులలో వస్తుంది. కళాకారులు ఏళ్ల తరబడి తప్పు దారి పొడవు మీదే గుణకాలను సరిచేసుకుని ఉంటారు. కొత్త లెక్క పెట్టగానే దూరపు నీళ్లు వెలిసిపోయినట్టు కనిపిస్తాయి. అది లెక్క తప్పని అర్థం కాదు, గుణకాలు మళ్లీ పెట్టుకోవాలని అర్థం. ఆ పని చేసేవారికి ఒక్కటే మనవి. షేడర్‌లో గుణకం పక్కన దాని కొలమానం ‘మీటరుకు’ అని, అది ఏ నీటి కోసం పెట్టిందో కూడా రాసిపెట్టండి. తర్వాత వచ్చేవారు మీ నీటిని తమ కళ్లతో సరిపోల్చి చూసుకోవాలంటే ఆ రెండు వివరాలూ కావాలి.